ఇంటర్ కుర్రాడి ఫోన్‌కి కళ్లెం: యాప్ టైమర్లు, ఫోకస్ మోడ్, గ్రేస్కేల్ – ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

ముమ్మిడివరం దగ్గర పల్లె. ఇంటికి ఒక రొయ్యల చెరువు, కాస్త కొబ్బరితోట. కుర్రాడు అమలాపురంలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఐదింటికి. ముందు పబ్లిక్ పరీక్షలున్నాయి, ఆ తర్వాత ఈఏపీసెట్.

ఫోన్ తీసి బీరువాలో పడేస్తే సరిపోతుందని ఇంట్లో అందరూ అంటారు గానీ ఈ ఇంట్లో అది కుదరదు. పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. నోట్సు పీడీఎఫ్‌లు కాలేజీ వాట్సాప్ గ్రూపులో వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి చెరువు గట్టు మీద నుంచి నాన్న ఫోన్ చేస్తే ఎత్తాలి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటర్ దగ్గరికి ఇంకో మనిషి పరుగెత్తాలి. అందుకని ఫోన్ చేతిలోనే ఉంటూ, చదువుకి అడ్డొచ్చేవి మాత్రం ఆగిపోయేలా చేయడం ఈ పని.

ఫోన్ మామూలు ఆండ్రాయిడ్. కొత్త యాప్ ఏదీ ఎక్కించలేదు. 2018 నుంచి ఆండ్రాయిడ్‌తో వస్తున్న Digital Wellbeing ఒక్కటే వాడాం. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం మారతాయి, పనితీరు దాదాపు ఒకటే.

డిసెంబరు, మొదటి ఆదివారం: ముందు కొలత

టైమర్లు పెట్టేముందు ఒక వారం ఏదీ ముట్టుకోకుండా కొలవాలి. కొలవకుండా పెట్టిన టైమర్ గుడ్డి లెక్క అవుతుంది. అరగంటే చూస్తున్నాననుకున్న యాప్ రెండు గంటలు తింటూ ఉండొచ్చు. అలాంటప్పుడు అరగంట టైమర్ పెడితే రెండో రోజే విసుగొచ్చి తీసేస్తారు.

దారి ఇది: Settings > Digital Wellbeing & parental controls. లోపల గుండ్రటి చక్రంలో ఆ రోజు ఏ యాప్ ఎంత తిన్నదీ కనిపిస్తుంది. చక్రం మధ్యలో నొక్కితే Dashboard తెరుచుకుంటుంది. అక్కడ పైన మూడు రకాల లెక్క మార్చుకుని చూడొచ్చు: తెర మీద గడిపిన సమయం, వచ్చిన నోటిఫికేషన్లు, ఫోన్ తెరిచిన సార్లు.

ఈ ఫోన్‌లో మొదట ఏ లెక్కా కనిపించలేదు. అలా ఖాళీగా ఉంటే రెండు చోట్ల చూడాలి. పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి Manage your data లోకి వెళ్తే వాడకం లెక్క రాసుకోవడానికి ఒక మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి, లేకపోతే టైమర్లు కూడా పనిచేయవు. రెండోది బ్యాటరీ. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తుంటాయి, అందులో ఇది కూడా పోతుంది. Settings > Apps లో Digital Wellbeing తెరిచి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేకుండా నడవనివ్వాలి. ఇక్కడ రెండోదే కారణం.

డిసెంబరు, రెండో ఆదివారం: లెక్క చూశాక

వారం సగటు రోజుకి ఐదు గంటల పైమాటే. యూట్యూబ్ రెండున్నర గంటలు, ఇన్‌స్టాగ్రామ్ గంటన్నర, వాట్సాప్ నలభై నిమిషాలు, మిగతాది ఫ్రీఫైర్ మ్యాక్స్, చిల్లర మల్లర. అసలు సమాచారం మాత్రం ఈ మొత్తంలో కనబడదు. యాప్ పేరు మీద నొక్కి, రోజువారీ లెక్కని గంటలవారీకి మార్చి చూస్తే తెలుస్తుంది. ఇన్‌స్టా గంటన్నరలో ఎక్కువ భాగం రాత్రి పదిన్నర తర్వాతది. యూట్యూబ్ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా, అంటే చదువు గంటల్లోనే నడిచింది. నోటు పుస్తకంలో కుర్రాడు రాసుకున్న పాఠాలతో పోల్చి చూస్తే, అందులో పాఠాల సమయం గంట లోపే. ఫిజిక్స్ పాఠం అయిపోగానే కింద షార్ట్స్ వరస కనబడటం, వేలు అటు పోవడం.

ఇంకో చిక్కు కూడా ఈ గంటలవారీ చూపులోనే దొరికింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా యూట్యూబ్ వాడకం కనబడుతోంది, అది కూడా కుర్రాడు ఫోన్ ఇంట్లో వదిలి కాలేజీకి వెళ్లిన రోజుల్లోనే. అది అమ్మగారి సీరియల్ ముక్కలు. టైమర్‌కి ఎవరు చూశారన్నది తెలియదు, ఫోన్‌లో ఎంత నడిచిందన్నదే తెలుసు. కుర్రాడి వాటా అమ్మ ఖర్చు పెడితే సాయంత్రం గొడవే. అమ్మగారి సీరియల్‌ని నాన్న ఫోన్‌కి మార్చడమే దీనికి మందు. సాంకేతికంగా ఫోన్‌లో రెండో యూజర్‌ని తెరవొచ్చు గానీ, కాల్స్, ఓటీపీలు ఎటు వస్తున్నాయో తెలియక ఇంట్లో తికమకే మిగులుతుంది.

అదే రోజు సాయంత్రం: టైమర్లు

Dashboard లో యాప్ పేరు పక్కన ఇసుక గడియారం బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కితే గంటలు, నిమిషాలు అడుగుతుంది. సమయం దగ్గర పడుతుంటే చిన్న హెచ్చరిక వస్తుంది. అయిపోగానే యాప్ మూసుకుపోయి, బొమ్మ బూడిద రంగుకి మారుతుంది. ఇక అర్ధరాత్రి దాకా తెరుచుకోదు.

ఎంత పెట్టాలన్నదానికి మేం అనుసరించిన పద్ధతి: మొదటి వారం ఇప్పుడున్న వాడకంలో సగం, తర్వాతి వారం అందులో సగం. ఇన్‌స్టాకి మొదట నలభై ఐదు నిమిషాలు, ఆపైన ఇరవై. ఫ్రీఫైర్‌కి ఇరవై ఐదు. ఒకటి రెండు ఆటలు మొదటి నుంచి చివరిదాకా నడవాలంటే ఆమాత్రం ఉండాలి. పది నిమిషాలు పెడితే ఆట మధ్యలో బయటికి తోసేస్తుంది, జట్టులోని వాళ్లు తిడతారు, ఆ కోపంలో టైమరే ఎగిరిపోతుంది. ఆట యాప్‌కి టైమర్ అంటే ఆట నిడివిని చూసి పెట్టాలి, ఊరికే గుండు సంఖ్య కాదు.

వాట్సాప్‌కి మాత్రం టైమర్ పెట్టలేదు. టైమర్ అయిపోయిన యాప్ నిద్రపోయినట్టే లెక్క, దాని నోటిఫికేషన్లు కనబడవు, కాల్ వస్తే మోగుతుందని నమ్మడానికి లేదు. వాట్సాప్ లోపలే పని చేయాలి: కాలేజీ నోట్సు గ్రూపు తప్ప మిగతా గ్రూపులన్నీ Mute లో Always కి పెట్టి, ఆర్కైవ్‌లోకి నెట్టేశాం. రొయ్యల ధరల గ్రూపులో కుర్రాడెందుకు ఉన్నాడో ఎవరికీ తెలియదు. అందులోంచి తీసేశాం.

డిసెంబరు మూడో వారం: టైమర్ కారే చోట్లు

మొదటి రెండు రోజులూ బాగా సాగింది. మూడో రోజు లెక్కలో ఇన్‌స్టా నలభై ఐదు నిమిషాలే చూపించింది గానీ, క్రోమ్ ఒక్కసారిగా గంట దాటింది. క్రోమ్ పేరు మీద నొక్కితే ఏ సైటు ఎంత అన్నది విడిగా కనబడుతుంది. ఊహించినట్టే instagram.com. యాప్ మూసుకున్నాక బ్రౌజర్‌లో అదే తలుపు తెరిచాడన్నమాట. మందు అక్కడే ఉంది: ఆ సైట్ల జాబితాలో కూడా పేరు పక్కన ఇసుక గడియారం ఉంటుంది, సైటుకి విడిగా టైమర్ పెట్టొచ్చు. ఒక హద్దు గుర్తుంచుకోవాలి. అజ్ఞాత ట్యాబులో తెరిచినవి ఈ లెక్కలోకి రావు. క్రోమ్ మొత్తం ఎక్కువగా ఉండి, సైట్లు కలిపితే తక్కువ వస్తుంటే సంగతి అదే.

రెండో కారే చోటు అర్ధరాత్రి. టైమర్లన్నీ రాత్రి పన్నెండుకి కొత్తగా మొదలవుతాయి. పదకొండు యాభైకి నలభై ఐదు నిమిషాలూ అయిపోయిన కుర్రాడు పది నిమిషాలు ఓపిక పడితే ఇంకో నలభై ఐదు నిమిషాలు చేతికొస్తాయి. గంటలవారీ బొమ్మలో పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య కడ్డీ లేచి నిలబడితే ఇదే జరుగుతోందని అర్థం. టైమర్‌తో దీన్ని ఆపడం కుదరదు. ఫోకస్ మోడ్ దాకా ఆగాలి.

మూడోది, అన్నిటికన్నా తేలికైనది: సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమర్ తీసేయడం. Digital Wellbeing కి దానికంటూ తాళం లేదు. తాళం కావాలనుకుంటే గూగుల్ Family Link ఉంది. అందులో పెద్దవాళ్ల ఫోన్ నుంచి పరిమితులు పెడతారు, తీయాలన్నా వాళ్లే తీయాలి. ఈ ఇంట్లో దాన్ని పెట్టలేదు. పదిహేడేళ్ల కుర్రాడు తానే అడిగి చేయించుకుంటున్న పని ఇది. ప్రతి ఐదు నిమిషాలకీ చెరువు గట్టు మీదున్న నాన్నకి అనుమతి కోసం ఫోన్ చేస్తే నాన్నే తీసేయమంటారు. దానికి బదులు ఫోన్‌లో ముందే ఉన్న యాప్ లాక్‌ని Settings మీద పెట్టి, ఆ సంకేతం అక్కకి ఇచ్చాం. అన్ని కంపెనీల ఫోన్లలోనూ Settings కి లాక్ పెట్టనివ్వరు. ఇందులో కుదిరింది. అక్క కాకినాడలో హాస్టల్లో ఉంటుంది. అడగాలంటే ఫోన్ చేసి కారణం చెప్పాలి, సగం కారణాలు చెప్పే లోపే చచ్చిపోతాయి.

డిసెంబరు చివర: ఫోకస్ మోడ్, ఒకే ఒక్క షెడ్యూలు

టైమర్ ఎంతసేపు అన్నది చూస్తుంది. ఫోకస్ మోడ్ ఎప్పుడు అన్నది చూస్తుంది. Digital Wellbeing లోనే Focus mode తెరిచి, ఆగిపోవాల్సిన యాప్‌లకు టిక్ పెట్టాలి: ఇన్‌స్టా, యూట్యూబ్, ఫ్రీఫైర్, ఫేస్‌బుక్. మోడ్ నడుస్తున్నంతసేపూ అవి తెరుచుకోవు, వాటి నోటిఫికేషన్లు కూడా మోడ్ ఆగేదాకా రావు. మామూలు ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఎప్పటిలాగే వస్తాయి. వాట్సాప్‌కి టిక్ పెట్టలేదు. పైన చెప్పిన కారణమే.

మొదటి రోజు తెలియక వాట్సాప్‌కి కూడా టిక్ పడింది. ఆ రాత్రే తెలిసింది.

«ఒరేయ్, వాట్సాప్‌లో రెండుసార్లు చేశాను, ఎత్తవేంట్రా?»

«మోగలేదు నాన్నా. మీరు మామూలు కాల్ చేయండి, అది ఆగదు.»

ఇప్పుడు అసలు విషయం. మామూలు ఆండ్రాయిడ్‌లో ఫోకస్ మోడ్‌కి Set a schedule అని ఒకే ఒక్క షెడ్యూలు ఉంటుంది: ఒక మొదలు, ఒక ముగింపు, ఏ వారాలన్నది. కుర్రాడి చదువేమో రెండు పూటలు. సాయంత్రం ఏడున్నర నుంచి పదిన్నర, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు. చాలామంది ఇక్కడ సాయంత్రానికి షెడ్యూలు పెట్టి, పొద్దున్నకి చేత్తో ఆన్ చేసుకుందామనుకుంటారు. నాలుగున్నరకి నిద్రకళ్లతో అలారం ఆపే చేయి ఫోకస్ మోడ్ నొక్కదు, ఇన్‌స్టాయే నొక్కుతుంది.

కాబట్టి షెడ్యూలుని సాయంత్రం 7:30కి మొదలుపెట్టి మర్నాడు పొద్దున్న 7:00కి ముగించాం. ముగింపు సమయం మొదలు కన్నా ముందుదైతే ఫోన్ దాన్ని మర్నాడుగా తీసుకుంటుంది. ఒక్క దెబ్బకి మూడు పనులు జరిగాయి. సాయంత్రం చదువు కవర్ అయింది, తెల్లవారుజాము చదువు కవర్ అయింది, మధ్యలో అర్ధరాత్రి టైమర్లు కొత్తగా మొదలైనా యాప్‌లు తెరుచుకోవు. కుర్రాడికి ఖాళీ దొరికేది సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా. టైమర్లు ఇచ్చిన వాటాని అక్కడే ఖర్చు పెట్టుకోవాలి. ఒకవేళ మీ ఫోన్‌లో మోడ్స్, రొటీన్స్ లాంటివి ఉండి రెండు షెడ్యూళ్లు పెట్టుకోనిస్తే, అప్పుడు కూడా ఈ పొడుగాటి ఒక్కటే మేలు. మధ్య ఖాళీయే కదా అసలు బొక్క.

మొదట ఆదివారం టిక్ తీసేశాం. ఇక్కడ ఒక మెలిక ఉంది: వారం టిక్ మొదలయ్యే రోజుకి వర్తిస్తుంది. ఆదివారం తీసేస్తే ఆదివారం సాయంత్రం మొదలవ్వాల్సినది మొదలవ్వదు, సోమవారం తెల్లవారుజాము చదువు కూడా దాంతోపాటే పోతుంది. శనివారం రాత్రిది మాత్రం ఆదివారం పొద్దున్న దాకా నడుస్తుంది. కుర్రాడికి కావలసింది ఆదివారం పొద్దున్న నిద్ర, సోమవారం పొద్దున్న చదువు. కాబట్టి తీయాల్సిన టిక్ శనివారానిది.

మోడ్ నడుస్తుండగా Take a break అని ఒకటి ఉంటుంది, ఐదు, పదిహేను, ముప్పై నిమిషాలు. ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు, అందుకే ఇది పెద్ద చిల్లు. దీన్ని ఆపే మీట లేదు. కుర్రాడితో మాట్లాడి కుదుర్చుకున్నది ఒకటే: బ్రేక్ తీసుకుంటే ఐదు నిమిషాలే, అది కూడా వరండాలో నిలబడి. మర్నాడు గంటలవారీ బొమ్మలో రాత్రి తొమ్మిది దగ్గర ఎంత ఉందో చూస్తే మాట నిలబడిందో లేదో తెలిసిపోతుంది.

జనవరి మొదటి వారం: యూట్యూబ్‌ని రెండు ముక్కలు చేయడం

ఫోకస్ మోడ్‌లో యూట్యూబ్ ఆగితే పాఠాలూ ఆగిపోయాయి. యాప్‌లో పాఠం వేరు, షార్ట్స్ వేరు అని ఫోన్‌కి తెలియదు. ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్న భాగం ఇదే. కుదిరిన అమరిక ఇలా ఉంది.

యాప్ వినోదానికి, బ్రౌజర్ పాఠాలకి. యూట్యూబ్ యాప్ ఫోకస్ జాబితాలోనే ఉంటుంది, దానికి విడిగా ఇరవై నిమిషాల టైమర్. పాఠాలు క్రోమ్‌లో చూడాలి. అయితే క్రోమ్‌లో లింకు నొక్కగానే అది యాప్‌లోకి ఎగిరిపోతుంది, యాప్ ఆగి ఉంది కాబట్టి గోడకి తగులుతుంది. Settings > Apps > YouTube > Open by default లోకి వెళ్లి Open supported links ఆఫ్ చేయాలి. ఆ తర్వాత లింకులు క్రోమ్‌లోనే తెరుచుకుంటాయి.

క్రోమ్‌లో తెరిచినా షార్ట్స్ వస్తాయి కదా. దానికి మందు యూట్యూబ్ చరిత్ర. ఖాతాలో YouTube History ఆపి, ఉన్న చరిత్రని చెరిపేస్తే, చూడ్డానికి సిఫారసులు పుట్టవు. 2023 నుంచి చరిత్ర ఆపిన ఖాతాలకి మొదటి పేజీ దాదాపు ఖాళీగా వస్తోంది, వెతుకు పెట్టె తప్ప ఏమీ ఉండదు. ఆపడం ఒక్కటే చేసి పాతది చెరపకపోతే పాత రుచుల మీదే సిఫారసులు వస్తూంటాయి, రెండూ చేయాలి. వీడియో కింద వచ్చే వరస పూర్తిగా పోదు. అది చూస్తున్న వీడియోని బట్టి కూడా వస్తుంది. ఎలక్ట్రోస్టాటిక్స్ పాఠం కింద ఇంకో ఎలక్ట్రోస్టాటిక్స్ పాఠం వస్తే నష్టమేమీ లేదు. ఆటోప్లే మీట కూడా ఆపేశాం.

పాఠాలను వెతుక్కోనివ్వలేదు. వెతకడం మొదలుపెడితే పది నిమిషాలు థంబ్‌నెయిళ్లలోనే పోతాయి. ఆదివారం ఒక్కసారి కూర్చుని వారానికి కావాల్సిన పాఠాల లింకులను క్రోమ్ బుక్‌మార్క్స్‌లో సబ్జెక్టువారీ ఫోల్డర్లలో పెట్టుకున్నాడు. చివరగా క్రోమ్ సైట్ల జాబితాలో యూట్యూబ్‌కి గంటన్నర టైమర్. పాఠాలకి అంతకన్నా పట్టదు, పడితే లెక్కలు చేయడం మానేసి చూస్తూ కూర్చున్నాడని అర్థం.

సంక్రాంతి ముందు: గ్రేస్కేల్

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి వారం అంటే రీల్స్ నిండా కోడిపందేలు, ముగ్గులు, ఎర్రటి పట్టుచీరలు. రంగులు తీసేయడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. గ్రేస్కేల్ ఏ యాప్‌నీ ఆపదు. తెరని బూడిద చేస్తుంది, అంతే. ఎర్ర చుక్కల నోటిఫికేషన్ గుర్తులు కంటికి తగలడం మానేస్తాయి, రీల్ తర్వాత రీల్‌కి పోయే వేగం తగ్గుతుంది. టైమర్ అయిపోయే లోపు తానే పక్కన పెట్టేయడం ఈ దశలోనే మొదలైంది.

Settings > Accessibility లో రంగులకి సంబంధించిన భాగంలో Color correction ఉంటుంది, లోపల Grayscale ఎంచుకోవాలి. కొన్ని పాత ఫోన్లలో అక్కడ Grayscale ఉండదు. అప్పుడు About phone లో Build number మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, Simulate color space ని Monochromacy కి మార్చుకోవచ్చు. నిద్ర సమయానికి తనంతట తాను బూడిద అయ్యే Bedtime mode కూడా ఉంది. రెండింట్లో ఒకటే వాడటం మంచిది. రెండూ పెడితే ఏది తీస్తే రంగు వస్తుందో తెలియక అరగంట పోతుంది.

మేం రోజంతా గ్రేస్కేల్‌నే ఎంచుకున్నాం, అందులో వెంటనే మూడు చోట్ల చదువుకే అడ్డం తగిలింది.

కెమిస్ట్రీలో సాల్ట్ ఎనాలిసిస్ వీడియోలు. కాల్షియం మంట ఇటుక ఎరుపు, బేరియం మంట లేత ఆకుపచ్చ. బూడిదలో రెండూ మంటలే. రెండోది పీడీఎఫ్ నోట్సులో పసుపు రంగుతో గీసిన ముఖ్యమైన వాక్యాలు మాయమైపోయాయి. ఇది వింత కాదు, లెక్క. ఫోన్ బూడిద చేసేటప్పుడు ఎరుపుకి సుమారు 21 శాతం, ఆకుపచ్చకి 72, నీలానికి 7 శాతం బరువు ఇస్తుంది. పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసినది, కాబట్టి 93 శాతం. తెల్లకాగితం 100. ఆ రెండిటికీ తేడా కంటికి ఆనదు. నోట్సులో కుర్రాడు తాను గీసుకునేవి ఇప్పుడు వాక్యం కింద గీతగా మార్చుకున్నాడు.

మూడోది ప్రమాదకరమైనది. మాక్ టెస్టులో కుడివైపు ప్రశ్నల నంబర్ల పలక ఉంటుంది. జవాబిచ్చినవి ఆకుపచ్చ, చూసి వదిలేసినవి ఎరుపు, మళ్లీ చూద్దామనుకున్నవి ఊదా. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. చివరి పది నిమిషాల్లో ఈ పలక చూసే వదిలేసినవాటిని పట్టుకోవాలి. తప్పుకి మార్కులు తెగవు, కాబట్టి వదిలేసిన ప్రతి ప్రశ్నా ఊరికే పోయినట్టే. గ్రేస్కేల్‌లో ముదురు ఆకుపచ్చ, ఎరుపు దాదాపు ఒకే బూడిదలోకి వస్తాయి. కొన్ని పరీక్షల పలకల్లో గళ్ల ఆకారాలు కూడా వేరుగా ఉంటాయి, అక్కడ ఫరవాలేదు. ఈ కోచింగ్ యాప్‌లో అన్నీ గుండ్రాలే.

అందుకని రంగు తిరిగి తెచ్చుకునే దారి కావాలి, కానీ మరీ తేలిగ్గా ఉండకూడదు. Color correction కింద షార్ట్‌కట్ పెట్టుకుంటే రెండు వాల్యూమ్ మీటలూ కలిపి కొన్ని క్షణాలు నొక్కితే మారుతుంది. పెట్టిన మర్నాటి నుంచీ కుర్రాడి ఫోన్ ఎప్పుడు చూసినా రంగుల్లోనే. అది తీసేసి, పైనుంచి కిందికి లాగే పలకలో రెండో పేజీలో చివరి గడిగా మార్చాం. రెండుసార్లు లాగి, పక్కకి జరిపి నొక్కాలి. మాక్ టెస్టుకి ఆ శ్రమ పడతాడు, ఒక రీల్ కోసం పడడు. టెస్టు అయ్యాక మళ్లీ బూడిద చేయడం మర్చిపోతున్నాడు కాబట్టి, మాక్ టెస్టులను వీలైనంత వరకు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి మార్చాం. ఎలాగూ అసలు పరీక్ష రాసేదీ కంప్యూటర్ మీదే.

స్క్రీన్‌షాట్ తీస్తే రంగుల్లోనే వస్తుంది, భయపడక్కర్లేదు. బూడిద అన్నది తెర మీద పూసిన పూత, ఫైలులో కాదు.

జనవరి చివర: రాత్రి కాల్స్

Bedtime mode వాడకపోయినా, రాత్రి నిద్ర కోసం Do Not Disturb పదిన్నర నుంచి నాలుగున్నర దాకా పెట్టాం. ఈ ఇంట్లో ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని. Do Not Disturb లో కాల్స్ విభాగం తెరిచి, నక్షత్రం గుర్తు పెట్టిన కాంటాక్టులకు అనుమతివ్వాలి. నాన్న రెండు నంబర్లకీ, చెరువు కాపలా మనిషి నంబరుకీ నక్షత్రం పెట్టాం. దాని కిందే రెండోసారి చేసేవాళ్లకి అనుమతి ఉంటుంది. ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మోగనిస్తుంది. తెలియని నంబరు నుంచి ఎవరైనా కంగారుగా చేసినా ఇది పట్టుకుంటుంది.

పరీక్షించకుండా వదలకూడదు. పదకొండింటికి నాన్న ఫోన్ నుంచి ఒక కాల్, తర్వాత నక్షత్రం లేని నంబరు నుంచి వెంటవెంటనే రెండు కాల్స్ చేయించి చూశాం. మొదటిది మోగింది, రెండో నంబరు రెండోసారికి మోగింది. అలారం కూడా మినహాయింపుల్లో ఉందో లేదో చూసుకోవాలి. నాలుగున్నర అలారం మోగకపోతే ఈ ఏర్పాటంతా దండగ.

ఫిబ్రవరి: లెక్క, మిగిలిన చిల్లులు

వారం సగటు రెండు గంటల దగ్గర నిలిచింది, అందులో సగానికి పైగా క్రోమ్‌లో పాఠాలే. ఇన్‌స్టా చాలా రోజులు ఇరవై నిమిషాలకి చేరడం లేదు. మొత్తం సంఖ్య కన్నా నమ్మదగిన గుర్తు గంటలవారీ బొమ్మలో ఏడున్నర తర్వాత ఇన్‌స్టా, షార్ట్స్ కడ్డీలు లేకపోవడం. మొత్తం తగ్గి, ఆ కడ్డీలు ఉన్నాయంటే సెలవు రోజులు లెక్కని కిందికి లాగుతున్నాయని తెలుసుకోవాలి.

ఫోన్ తెరిచిన సార్లు మాత్రం పెద్దగా తగ్గలేదు. తెరవడం, ఏమీ లేక మూయడం. ఒక కారణం దొరికింది: హోమ్ తెరని ఎడమ నుంచి లాగితే వచ్చే గూగుల్ వార్తల పేజీ. అది విడి యాప్‌లా కనబడదు కాబట్టి ఫోకస్ జాబితాలో ఎవరికీ తట్టదు. హోమ్ తెర ఖాళీ చోట నొక్కి పట్టుకుని, హోమ్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేశాం.

కరెంటు పోయిన రాత్రులు ఇంకో కారణం. టార్చి కోసం ఫోన్ చేతికొస్తుంది, టార్చి వెలిగించాక చేతిలోనే ఉండిపోతుంది. ఛార్జింగ్ లైటు ఒకటి చదువు బల్ల మీద పెట్టించాం. ఏ సెట్టింగూ చేయని పని అది చేసింది.

ఏప్రిల్: ఈఏపీసెట్ ముందు, ఐపీఎల్ మధ్య

పబ్లిక్ పరీక్షలు అయ్యాక కాలేజీ లేదు, రోజంతా ఇంట్లోనే. ఫోకస్ షెడ్యూలుని పొడిగించకుండా వదిలేస్తే పగలంతా తెరిచిన తలుపే. మొదలు 9:00 పొద్దున్న, ముగింపు మర్నాడు 7:00 చేశాం. పొద్దున్న రెండు గంటలే ఖాళీ. సాయంత్రం ఐదింటికి చేత్తో ఆపుకునే అవకాశం ఉంది గానీ, ఆపితే మళ్లీ చేత్తోనే ఆన్ చేయాలి. ఆ రోజుకి షెడ్యూలు తనంతట తాను తిరిగి రాదు. అందుకని సాయంత్రం ఖాళీకి మోడ్ ఆపకుండా, ముప్పై నిమిషాల బ్రేక్ ఒక్కటి తీసుకుంటున్నాడు. బ్రేక్ అయిపోగానే యాప్‌లు వాటంతట అవే మూసుకుంటాయి.

క్రికెట్ ఇంకా లొంగలేదు. మ్యాచ్ చూసే యాప్ ఫోకస్ జాబితాలో ఉంది, స్కోరు నోటిఫికేషన్లను గూగుల్ యాప్ నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో ఆపేశాం. అయినా క్రోమ్‌లో రెండు అక్షరాలు కొడితే స్కోరు పైనే కనబడుతుంది, దానికి సైటు టైమర్ పెడితే వెతకడమే ఆగిపోతుంది, ఎందుకంటే అది వెతుకు పేజీయే. ప్రస్తుతానికి సర్దుబాటు ఏమిటంటే, పాఠాల సమయంలో మొబైల్ డేటా ఆన్, లెక్కలు చేసే సమయంలో డేటా ఆఫ్. వాట్సాప్ పోయినా నాన్న మామూలు కాల్ వస్తుంది కాబట్టి ఇంట్లో అభ్యంతరం రాలేదు. ఈ నెలాఖరుకి లెక్క చూసి, క్రోమ్ మీద వెతుకు సమయం తగ్గకపోతే సాయంత్రం పూట క్రోమ్‌ని కూడా ఫోకస్ జాబితాలో కలిపి, పాఠాలను పగలుకి మార్చాలని అనుకుంటున్నాం.